ఆ రెండు గీతలు ఎక్కడ కలిశాయి?

మూడు పరీక్షనాళికలు ఉన్నాయనుకుందాం. మూడింట్లోనూ ఒకే ఎంజైమును ఒకే మోతాదులో పోశాం. ఆ ఎంజైము మార్చాల్సిన పదార్థం కూడా మూడింట్లో సమానంగానే ఉంది, 2 మిల్లీమోలార్ గాఢతలో. మొదటి నాళికలో ఇంకేమీ కలపలేదు. అందులో చర్య నిమిషానికి 50 మైక్రోమోళ్ల వేగంతో సాగింది. రెండోదానిలో ‘క’ అనే నిరోధకాన్నీ, మూడోదానిలో ‘గ’ అనే నిరోధకాన్నీ కలిపాం. రెండింట్లోనూ వేగం సరిగ్గా సగానికి, అంటే 25కి పడిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఈ రెండింటిలో ఏది పోటీ నిరోధకం, ఏది పోటీలేని నిరోధకం?

చెప్పలేం. ఎంత చదివినవాడైనా ఈ ఒక్క కొలతతో చెప్పలేడు. డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ముందుగా ఇక్కడే ఆపుతాను. పోటీ నిరోధకమైతే కేఎం పెరుగుతుంది, వీమ్యాక్స్ మారదు. పోటీలేనిదైతే వీమ్యాక్స్ తగ్గుతుంది, కేఎం మారదు. ఈ రెండు వాక్యాలూ పిల్లలందరికీ నోటికి వచ్చు. అయినా పరీక్షలో గ్రాఫు తలకిందులుగా ఇచ్చినా, అంకెలు మాత్రమే ఇచ్చి గ్రాఫు ఇవ్వకపోయినా తడబడతారు. వాక్యాలు గుర్తున్నాయి, అవి ఏ ప్రశ్నకు జవాబులో మాత్రం గుర్తులేదు. ఆ ప్రశ్న చాలా చిన్నది. పదార్థాన్ని ఇంకా ఇంకా పోస్తూ పోతే, నిరోధకం పెట్టిన అడ్డు తొలగిపోతుందా, లేదా?

ఎంజైము మార్చే పదార్థాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు అధస్థ పదార్థం అంటాయి. తరగతిలో అందరూ సబ్‌స్ట్రేట్ అనే అంటారు కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను. సబ్‌స్ట్రేట్ వచ్చి కూర్చోవడానికి ఎంజైము ఒంటిమీద ఒక గుంట లాంటి చోటు ఉంటుంది. అదే యాక్టివ్ సైట్. అక్కడ కూర్చున్న సబ్‌స్ట్రేట్ మరో పదార్థంగా మారి బయటికి పోతుంది, చోటు ఖాళీ అవుతుంది, ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

సంక్రాంతి ముందు రోజుల్లో బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్లను ఊహించుకోండి. నలుగురే జనం ఉంటే కౌంటర్లు ఎక్కువసేపు ఖాళీగా ఉంటాయి, గంటకు అమ్ముడయ్యే టికెట్లు తక్కువ. జనం పెరిగే కొద్దీ అమ్మకం పెరుగుతుంది. కానీ అన్ని కిటికీల ముందూ క్యూలు కట్టాక, వెనక ఇంకో వెయ్యిమంది చేరినా గంటకు అమ్మే టికెట్లు పెరగవు. ఆ గరిష్ఠ వేగమే వీమ్యాక్స్. ఎంత జనం ఉన్నప్పుడు కౌంటర్లు తమ గరిష్ఠంలో సరిగ్గా సగం వేగంతో పనిచేస్తాయో, ఆ జనం లెక్క కేఎం. అంటే వీమ్యాక్స్ ఒక వేగం, కేఎం ఒక గాఢత. ఈ తేడా మనసులో ఉంటే సగం తికమక పోతుంది.

ఇప్పుడు ఆ క్యూలోకి టికెట్ కొనని మనుషులు వచ్చారనుకోండి. బస్సు ఎప్పుడని అడగడానికి వచ్చినవాళ్లు. వాళ్లూ కిటికీ ముందే నిలబడతారు, కాసేపు చోటు ఆక్రమిస్తారు, టికెట్ కొనకుండానే వెళ్లిపోతారు. వాళ్లు కిటికీ దగ్గర ఉన్నంతసేపూ కొనేవాళ్లకు చోటు లేదు. అయితే అడిగేవాళ్లు పదిమందే ఉండి కొనేవాళ్లు పదివేలమంది అయితే, కిటికీ దగ్గరకు చేరేది దాదాపు ఎప్పుడూ కొనేవాడే. అడిగేవాళ్ల ప్రభావం కరిగిపోతుంది. గరిష్ఠ అమ్మకం పాతదే, కానీ అక్కడికి చేరాలంటే మునుపటికంటే ఎక్కువ జనం కావాలి. పోటీ నిరోధకం చేసే పని ఇదే. వీమ్యాక్స్ అలాగే ఉంటుంది, కేఎం పెరుగుతుంది.

రెండో ఇబ్బంది వేరు. సగం కౌంటర్లలో టికెట్ ముద్రించే యంత్రాలు పాడయ్యాయి. ఆ కిటికీల ముందుకు కూడా మనుషులు వస్తారు, మామూలుగానే నిలబడతారు, కానీ టికెట్ బయటికి రాదు. ఇక్కడ జనాన్ని పదింతలు చేసినా లాభం లేదు. గరిష్ఠ అమ్మకమే సగమైపోయింది. బాగున్న కౌంటర్లు మాత్రం మునుపు ఎంత జనానికి సగం వేగం అందుకునేవో ఇప్పుడూ అంత జనానికే అందుకుంటాయి. వాటికి ఏ మార్పూ లేదు కదా. పోటీలేని నిరోధకం యాక్టివ్ సైట్ జోలికి పోకుండా ఎంజైము మీద మరోచోట అతుక్కుని, వచ్చి కూర్చున్న సబ్‌స్ట్రేట్‌ను మారనివ్వకుండా చేస్తుంది. వీమ్యాక్స్ పడిపోతుంది, కేఎం అలాగే ఉంటుంది.

ఇక మన నాళికల దగ్గరకు వద్దాం. నిరోధకం లేనప్పుడు ఈ ఎంజైము వీమ్యాక్స్ నిమిషానికి 100 మైక్రోమోళ్లు, కేఎం 2 మిల్లీమోలార్ అని పెట్టుకున్నాను. లెక్క తేలికగా నడవడానికే ఈ అంకెలు. ఒక్క గాఢత దగ్గర ఆగకుండా నాలుగు గాఢతల దగ్గర వేగాన్ని కొలిస్తే ఇలా వస్తుంది.

| సబ్‌స్ట్రేట్ (మిల్లీమోలార్) | నిరోధకం లేకుండా వేగం | ‘క’ కలిపాక | ‘గ’ కలిపాక |
|---|---|---|---|
| 1 | 33.3 | 14.3 | 16.7 |
| 2 | 50 | 25 | 25 |
| 4 | 66.7 | 40 | 33.3 |
| 8 | 80 | 57.1 | 40 |

రెండో వరుస మనం మొదట చూసిందే. అక్కడ ‘క’, ‘గ’ కవలల్లా ఉన్నాయి. ఇప్పుడు చివరి వరుస చూడండి. ‘క’ ఉన్నప్పుడు వేగం 57.1కి ఎక్కింది, ‘గ’ ఉన్నప్పుడు 40 దగ్గరే ఉండిపోయింది.

గ్రాఫు గీయకముందే ఇక్కడ ఒక పని చేయవచ్చు. చాలా పుస్తకాలు దీన్ని విడిగా చెప్పవు గానీ, సమయం తక్కువగా ఉన్న పరీక్షలో ఇది బాగా అక్కరకొస్తుంది. ప్రతి వరుసలోనూ మిగిలిన వేగం అసలు వేగంలో ఎంత శాతమో లెక్కగట్టండి. ‘గ’ విషయంలో 33.3లో 16.7, 50లో 25, 66.7లో 33.3, 80లో 40. ఎక్కడ చూసినా సరిగ్గా 50 శాతమే. సబ్‌స్ట్రేట్‌ను ఎనిమిదింతలు చేసినా ఆ నిష్పత్తి కదల్లేదు. ‘క’ విషయంలో 43, 50, 60, 71 శాతం. సబ్‌స్ట్రేట్ పెరిగే కొద్దీ ఎంజైము తన వేగాన్ని తిరిగి రాబట్టుకుంటోంది. కాబట్టి ‘క’ పోటీపడుతోంది, ‘గ’ పోటీపడడం లేదు.

అలాంటప్పుడు గ్రాఫు ఎందుకు? శాతాలు దిశను చెబుతాయి గానీ, కేఎం ఎంతైంది, వీమ్యాక్స్ ఎంతైంది అన్నది చెప్పవు. నేరుగా వేగాన్ని గాఢతకు ఎదురుగా గీస్తే వచ్చేది వంపు రేఖ. అది వీమ్యాక్స్ వైపు వంగుతూ పోతుందే తప్ప దాన్ని ఎప్పటికీ అందుకోదు. మన పట్టికలోనే 8 మిల్లీమోలార్ దగ్గర వేగం 80. కేఎంకు నాలుగింతలు సబ్‌స్ట్రేట్ పోసినా ఇంకా 20 మిగిలే ఉంది. వంపు చూసి వీమ్యాక్స్‌ను కంటితో అంచనా వేసేవాళ్లు ఇక్కడ 85 అనో 90 అనో రాస్తారు. ‘క’ కలిపిన రేఖైతే 57 దగ్గర ఉంది. దాన్ని చూసి గరిష్ఠమే పడిపోయిందనుకుని పోటీలేని నిరోధకమని తేల్చేసే ప్రమాదం ఉంది.

ఈ వంపు రేఖకు సమీకరణాన్ని లియొనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ 1913లో బెర్లిన్‌లో ప్రచురించారు. చెరకు చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైము మీద వాళ్లు పనిచేశారు. 1934లో అమెరికాలో హాన్స్ లైన్‌వీవర్, డీన్ బర్క్ ఆ సమీకరణాన్ని తిరగేసి రాశారు. రెండువైపులా వ్యుత్క్రమం తీసుకున్నారు. అంటే వేగానికి బదులు ఒకటిని వేగంతో భాగించగా వచ్చిన సంఖ్య, గాఢతకు బదులు ఒకటిని గాఢతతో భాగించగా వచ్చిన సంఖ్య.

```
1/v = (Km/Vmax) × (1/[S]) + 1/Vmax
```

పదో తరగతి లెక్కల్లో చూసిన సరళరేఖ సమీకరణమే ఇది. నిలువు అక్షం మీద వేగం వ్యుత్క్రమం, అడ్డ అక్షం మీద గాఢత వ్యుత్క్రమం వేస్తే వంపు పోయి నిటారు గీత వస్తుంది. ఆ గీత నిలువు అక్షాన్ని ఖండించే చోటు వీమ్యాక్స్ వ్యుత్క్రమం. దాన్ని ఎడమవైపుకు పొడిగిస్తే అడ్డ అక్షాన్ని ఖండించే చోటు కేఎం వ్యుత్క్రమం, ముందు మైనస్ గుర్తుతో. గీత వాలు ఈ రెండూ కలిసినది, కేఎంను వీమ్యాక్స్‌తో భాగించినది.

ఈ గ్రాఫులో ప్రాణమంతా నిలువు అక్షంలోనే ఉంది. అక్కడ గాఢత వ్యుత్క్రమం సున్నా. ఒకటిని దేనితో భాగిస్తే సున్నా అవుతుంది? అనంతంతో. అంటే నిలువు అక్షం మీద నిలబడడమంటే, సబ్‌స్ట్రేట్ అంతులేనంతగా ఉన్న చోట నిలబడడం. నాళికలో ఎప్పటికీ చేరలేని ఆ చోటును కాగితం మీద ఒక గీతగా మన కళ్లముందు పెట్టడమే ఈ తిరగేయడంలోని గొప్ప సదుపాయం. బస్టాండులో పదివేలమంది కొనేవాళ్లున్నప్పుడు అడిగేవాళ్లు లెక్కలోకి రారని చెప్పుకున్నాం. నిరోధకం ఉన్న గీత, లేని గీత రెండూ నిలువు అక్షం మీద ఒకే చుక్క దగ్గర కలిశాయంటే అర్థం అదే. సబ్‌స్ట్రేట్ అంతులేనంత ఉంటే నిరోధకం ఉన్నా లేనట్టే. అది పోటీ నిరోధకం.

గీతలు నిలువు అక్షం మీద వేరువేరు చోట్ల ఖండించి, ఎడమపక్క అడ్డ అక్షం మీద ఒకే చుక్కలో కలిశాయనుకోండి. అంతులేని సబ్‌స్ట్రేట్ ఉన్నా వేగం తిరిగి రాలేదు, కేఎం మాత్రం మారలేదు. అది పోటీలేని నిరోధకం. ఒకదాన్ని బట్టీ పట్టి రెండోదాన్ని ఊహించనక్కరలేదు. నిలువు అక్షం అంటే అనంతమని తెలిస్తే రెండూ వాటంతటవే వస్తాయి.

మన అంకెలతో ఇది చేసి చూద్దాం. పరీక్షల్లో తరచు రెండు గాఢతలే ఇస్తారు కాబట్టి 2, 8 మిల్లీమోలార్ల వరుసలే తీసుకుందాం. వాటి వ్యుత్క్రమాలు 0.5, 0.125. నిరోధకం లేనప్పుడు వేగాల వ్యుత్క్రమాలు 0.02, 0.0125. వాలు కోసం నిలువు తేడాను అడ్డ తేడాతో భాగించాలి. 0.0075ను 0.375తో భాగిస్తే 0.02. ఇక 0.125 దగ్గర ఎత్తు 0.0125. అందులోంచి వాలును 0.125తో గుణించగా వచ్చిన 0.0025 తీసేస్తే నిలువు అక్షం మీది ఖండనం 0.01. దాన్ని తిరగేస్తే వీమ్యాక్స్ 100. వాలును ఆ ఖండనంతో భాగిస్తే కేఎం 2. మనం పెట్టుకున్న అంకెలే తిరిగి వచ్చాయి.

‘క’ కలిపాక వేగాలు 25, 57.1. వ్యుత్క్రమాలు 0.04, 0.0175. తేడా 0.0225, వాలు 0.06. ఖండనం 0.0175లోంచి 0.0075 తీసేస్తే 0.01. అంటే వీమ్యాక్స్ 100, చెక్కుచెదరలేదు. కేఎం 0.06ను 0.01తో భాగిస్తే 6. మూడింతలైంది. ‘గ’ కలిపాక వ్యుత్క్రమాలు 0.04, 0.025. వాలు 0.04, ఖండనం 0.02. వీమ్యాక్స్ 50, కేఎం 2. పోటీ ఉన్నదేదో లేనిదేదో అంకెలే చెప్పేశాయి.

ఇందులో విద్యార్థులు ఎక్కువగా పడే గుంటలు మూడు చూశాను. మొదటిది వాలు. నిరోధకం వల్ల గీత నిటారైంది కాబట్టి ఇది ఫలానా రకం అని రాస్తారు. మన లెక్కలో వాలు 0.02 నుంచి ‘క’తో 0.06కీ, ‘గ’తో 0.04కీ పెరిగింది. రెండింట్లోనూ పెరుగుతుంది. కాబట్టి వాలును చూసి వీటిని విడదీయలేం, ఖండనాలనే చూడాలి.

రెండోది దిక్కు. వ్యుత్క్రమం తీసుకోగానే పెద్దవి చిన్నవవుతాయి, చిన్నవి పెద్దవవుతాయి. ‘గ’ కలిపితే నిలువు అక్షం మీద చుక్క 0.01 నుంచి 0.02కి పైకి ఎక్కింది. పైకి ఎక్కింది కాబట్టి వీమ్యాక్స్ పెరిగిందని రాసినవాళ్లున్నారు. నిజానికి 100 నుంచి 50కి పడింది. ‘క’ కలిపితే అడ్డ అక్షం మీద చుక్క మైనస్ 0.5 నుంచి మైనస్ 0.167కి, అంటే సున్నాకు దగ్గరగా జరిగింది. కేఎం తగ్గిందనిపిస్తుంది, కానీ 2 నుంచి 6కి పెరిగింది. నిలువు చుక్క పైకి పోతే వీమ్యాక్స్ కిందికి, అడ్డ చుక్క సున్నా వైపు వస్తే కేఎం పైకి. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆ చుక్క విలువను ఒకసారి తిరగేసి చూసుకుంటే చాలు.

మూడో గుంట చాలా చిన్నగా కనిపిస్తుంది. దశాంశాలను ముందే కుదించడం. ‘క’ లెక్కలో 0.0175ను ఒక విద్యార్థి 0.02గా కుదించి రాశాడనుకుందాం. వాలు 0.02ను 0.375తో భాగించగా 0.0533. ఖండనం 0.0133. వీమ్యాక్స్ 75, కేఎం 4. ఇప్పుడు వీమ్యాక్స్ తగ్గినట్టూ, కేఎం పెరిగినట్టూ కనిపిస్తుంది. కచ్చితమైన పోటీ నిరోధకం కాస్తా మిశ్రమ నిరోధకమైపోయింది. పద్ధతి అంతా సరైనదే, జవాబు తప్పు. వ్యుత్క్రమాలను కనీసం మూడు సార్థక అంకెల వరకు ఉంచుకోవాలి.

మిశ్రమ నిరోధకమన్న మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. నిరోధకం మరోచోట అతుక్కుంటూనే, సబ్‌స్ట్రేట్ కూర్చోవడాన్ని కూడా కొంత మార్చితే గీతలు ఏ అక్షం మీదా కలవవు. నిలువు అక్షానికి ఎడమపక్కన, అడ్డ అక్షానికి పైనో కిందో కలుస్తాయి. సబ్‌స్ట్రేట్ కూర్చున్నాక మాత్రమే వచ్చి అతుక్కునే నిరోధకమైతే గీతలు అసలు కలవవు, సమాంతరంగా పోతాయి. ప్రయోగశాలలో అచ్చమైన పోటీలేని నిరోధకం అరుదు, మిశ్రమమే ఎక్కువ. ప్రశ్నపత్రాల్లో మాత్రం అచ్చమైనదే ఎక్కువగా అడుగుతారు.

నిజమైన ఉదాహరణలు చూస్తే, పోటీకి పాత సాక్ష్యం మలోనేట్. మన కణాల్లో సక్సినేట్ నుంచి హైడ్రోజన్‌ను తీసే ఎంజైము సక్సినేట్ డీహైడ్రోజినేజ్. మలోనేట్ చూడడానికి సక్సినేట్‌లాగే ఉంటుంది, రెండు చివర్లా అవే ఆమ్ల సమూహాలు, నడుమ ఒక కార్బన్ మాత్రం తక్కువ. ఆ పోలికతోనే యాక్టివ్ సైట్‌లో కూర్చోగలుగుతుంది. కానీ పక్కపక్కన ఉన్న రెండు కార్బన్ల నుంచి హైడ్రోజన్ తీయాల్సిన ఎంజైముకు అక్కడ రెండో కార్బనే లేదు. కాబట్టి మారకుండా కూర్చుంటుంది. 1928లో క్వాస్టెల్, వూల్‌డ్రిడ్జ్ దీన్ని గుర్తించారు. సక్సినేట్ ఎక్కువ పోస్తే మలోనేట్ ప్రభావం తగ్గుతుంది. మన ‘క’ సరిగ్గా ఇలాంటిదే.

‘గ’ తరహాకు మందుల్లో నెవిరాపిన్ ఉంది. హెచ్‌ఐవీ వైరస్ తన జన్యుపదార్థాన్ని రాసుకోవడానికి వాడే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైములో, యాక్టివ్ సైట్‌కు దగ్గరగా ఉన్నా దానికి వేరైన ఒక గుంటలో ఇది దూరుతుంది. కణంలోని న్యూక్లియోటైడ్లు ఎన్ని ఉన్నా దీన్ని పక్కకు నెట్టలేవు.

ఇంతవరకు చెప్పిందాన్ని బట్టి, గీతలు అడ్డ అక్షం మీద కలిస్తే నిరోధకం యాక్టివ్ సైట్‌కు దూరంగా అతుక్కుందని రాసేయవచ్చా? బహుళైచ్ఛిక ప్రశ్నల్లో చాలామంది ఇలాగే రాస్తారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. మన పల్లెల్లో పొలాలకు చల్లే పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్లనే రకం ఉంది. అవి ఒంట్లోకి పోతే నరాల సంకేతాలను ఆపే ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ ఎంజైమును పట్టుకుంటాయి. పట్టుకునేది ఎక్కడో కాదు, యాక్టివ్ సైట్‌లోనే, అక్కడి సెరీన్ అనే అమైనో ఆమ్లాన్ని. అయినా ఆ ఎంజైముతో గ్రాఫు గీస్తే వీమ్యాక్స్ పడిపోయి, కేఎం మారకుండా ఉంటుంది. అచ్చం పోటీలేని నిరోధకంలా.

కారణం కౌంటర్ల ఉదాహరణలోనే ఉంది. పురుగుమందు సెరీన్‌కు రసాయన బంధంతో అతుక్కుపోతుంది, కాసేపు నిలబడి వెళ్లిపోయేది కాదు. కిటికీ ముందు వచ్చి తలుపుకు మేకులు కొట్టినట్టు. పట్టుబడిన ఎంజైము అణువు లెక్కలోంచి పోయింది. మిగిలిన అణువులకు ఏమీ కాలేదు. సగం అణువులు పోతే వీమ్యాక్స్ సగమవుతుంది, మిగిలినవాటి కేఎం మునుపటిదే. అసలు ఎంజైమునే సగం పోసి గ్రాఫు గీసినా ఇదే గీత వస్తుంది. కాబట్టి గ్రాఫు నిరోధకం ఎక్కడ కూర్చుందో చెప్పదు. సబ్‌స్ట్రేట్ దాన్ని వెళ్లగొట్టగలదా లేదా అన్నదే చెబుతుంది. ఈ రెండింటినీ ఒకటిగా చూడడమే ఈ అధ్యాయంలో లోతైన పొరపాటని నా అభిప్రాయం.

తేడా తెలుసుకోవాలంటే గ్రాఫును పక్కన పెట్టి నాళికకు వేరే పరీక్ష పెట్టాలి. నిరోధకాన్నీ ఎంజైమునూ కలిపి ఉంచాక ఆ మిశ్రమాన్ని వందింతలు పల్చన చేయండి. వచ్చీ పోయే నిరోధకమైతే పల్చన కాగానే ఎంజైమును వదిలేస్తుంది, పల్చదనానికి తగ్గ పూర్తి వేగం తిరిగి వస్తుంది. బంధంతో అతుక్కున్నదైతే రాదు. కలిపి ఉంచే సమయాన్ని పెంచితే అడ్డు కూడా పెరుగుతూ పోవడం ఇంకో గుర్తు. ప్రశ్నలో కలిపి ఉంచిన నిమిషాలు, డయాలిసిస్, పల్చన చేయడం వంటి మాటలు కనిపిస్తే, ప్రశ్న తయారుచేసినవారు అడుగుతున్నది ఇదే.

ఈ గ్రాఫుకు ప్రయోగశాలలో ఇంకో బలహీనత ఉంది. కొలతలో వచ్చే చిన్న తప్పును ఇది తక్కువ గాఢతల దగ్గర చాలా పెద్దది చేస్తుంది. ‘క’ పట్టికలో 1 మిల్లీమోలార్ దగ్గర వేగం 14.3. కొలతలో అటూ ఇటూ 1.3 తప్పు వచ్చిందనుకుంటే అది 13 కావచ్చు, 15.6 కావచ్చు. వ్యుత్క్రమాలు 0.077 నుంచి 0.064 వరకు చెదురుతాయి. అదే తప్పు 8 మిల్లీమోలార్ దగ్గర వస్తే వ్యుత్క్రమం 0.0179 నుంచి 0.0171 వరకే కదులుతుంది. ఒకే తప్పు, ఒకచోట దాదాపు పదహారింతలు పెద్దది. పైగా ఆ చుక్క గ్రాఫులో అందరికంటే కుడివైపున, దూరంగా ఉంటుంది. స్కేలు పెట్టి గీత గీస్తే ఆ ఒక్క చుక్కే గీతను తన వైపు లాగుతుంది, ఎడమవైపు ఖండనాలు రెండూ తప్పుతాయి. అందుకే పరిశోధకులు ఇప్పుడు కేఎం, వీమ్యాక్స్ విలువలను కంప్యూటరుతో వంపు రేఖకే నేరుగా సరిపెట్టి తీస్తారు. లైన్‌వీవర్, బర్క్ గీతను ఏ రకం నిరోధకమో కంటికి చూపించడానికి వాడతారు. ప్రాక్టికల్ రికార్డులో గీత గీసేవాళ్లు కూడా కుడి చివరి చుక్కకు మిగతావాటికంటే తక్కువ విలువ ఇవ్వాలి.

చివరగా మన తెలుగువాడితో ముడిపడ్డ ఒక మందు గురించి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథ్యం వహించినప్పుడు, ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన పదార్థాలు అక్కడ తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి చూసి, ఫలితాలను 1948లో ప్రచురించారు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కూ, కీళ్లవాతానికీ వాడుతున్నారు. ఇది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము యాక్టివ్ సైట్‌లో, ఫోలేట్ కూర్చోవాల్సిన చోటే కూర్చుంటుంది. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా దీన్ని పోటీ నిరోధకమనే చెబుతుంది, ప్రశ్నపత్రంలోనూ అదే జవాబు.

కానీ ఇది పట్టుకునే పట్టు అసాధారణం. రసాయన బంధమేమీ లేకపోయినా, నాళికలో ఎంజైము అణువులు ఎన్ని ఉంటే దాదాపు అన్ని మెథోట్రెక్సేట్ అణువులు చాలు, ఎంజైమంతా కట్టుబడిపోతుంది. మైకేలిస్ సమీకరణం, దాన్ని తిరగేసిన లైన్‌వీవర్ గీత రెండూ ఒక విషయాన్ని చెప్పకుండానే నమ్ముకుంటాయి. ఎంజైముకు అతుక్కున్న నిరోధకం చాలా కొంచెమేనని, ద్రావణంలో నిరోధకం మనం పోసినంతా స్వేచ్ఛగా తిరుగుతోందని. మెథోట్రెక్సేట్ విషయంలో అది నిజం కాదు. పోసినదాంట్లో పెద్ద భాగం ఎంజైము దగ్గరే ఇరుక్కుపోతుంది. అందుకే ఎంజైమునూ మందునూ ముందుగా కలిపి ఉంచి, మామూలు పద్ధతిలో గీత గీస్తే వీమ్యాక్స్ పడిపోయినట్టు కనిపించి, పోటీ నిరోధకం పోటీలేనిదిగా చదవబడుతుంది. ఇలాంటి చోట నాళికలోని ఎంజైము మోతాదును రెట్టింపు చేసి చూడాలి. మామూలు నిరోధకమైతే వేగాన్ని సగానికి తగ్గించడానికి మునుపటి మోతాదే సరిపోతుంది. గట్టిగా పట్టే మెథోట్రెక్సేట్ లాంటిదైతే, అంతే తగ్గుదలకు దాదాపు రెట్టింపు మందు కావాలి.